మరో మూడు బోర్లకు అనుమతి కావాలి

కాకినాడలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటి కట్టబోతున్నారనుకుందాం. స్థలం ఎకరం. నాలుగు మూలలా, మధ్యలో కలిపి అయిదు బోర్లు వేశారు. నాలుగింట్లో గట్టి మన్నే. ఆగ్నేయ మూల బోరులో మాత్రం 4 మీటర్ల లోతు నుంచి 7 మీటర్ల వరకు వేలితో నొక్కితే దిగిపోయే నల్లటి బంకమన్ను తగిలింది. ఆ సాయంత్రమే సాయిల్ ఇంజనీరు బిల్డరుకు ఉత్తరం రాస్తాడు.

సంగతి బయటపెట్టేది సుత్తి దెబ్బలు. 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని దించుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 దిగడానికి పట్టిన దెబ్బలు లెక్కపెడతారు. మిగతా బోర్లలో పన్నెండు, పదిహేను పట్టినచోట ఇక్కడ రెండింటికే దిగిపోయింది.

‘‘అయ్యా, మెత్తటి మన్ను ఉందని తెలిసింది, ఎంత మేర ఉందో తెలియలేదు. దాని అంచు తేలేదాకా ఫుటింగ్ డిజైన్ ఇవ్వలేను. ఆ మూల చుట్టూ 15 మీటర్ల లోతున మరో మూడు బోర్లకు అనుమతి ఇవ్వగలరు. మిషను సైటులో ఉండగానే చెబితే దాన్ని మళ్లీ రప్పించే ఖర్చు మిగులుతుంది.’’

ఇలాంటి ఉత్తరం చూడగానే బిల్లు పెంచుకునే ఎత్తేమోనని యజమానికి అనుమానం రావడం సహజం. కానీ లెక్క చూడండి. బరువు పడితే బంకమన్నులోని నీరు మెల్లగా బయటికి పోతుంది, మన్ను కుంగుతుంది. 3 మీటర్ల మందం ఉన్న అలాంటి పొర కొన్నేళ్లలో 90 మిల్లీమీటర్ల దాకా దిగినా ఆశ్చర్యం లేదు. భవనమంతా ఒకేలా దిగితే పెద్ద చిక్కు లేదు. ఒక మూలే దిగితేనే చిక్కు. 6 మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల కుంగుదలలో 20 మిల్లీమీటర్ల తేడా వస్తే చాలు, గోడలు పగలడం మొదలవుతుంది.

కెనడాలో విన్నిపెగ్ దగ్గర ట్రాన్స్‌కోనా ధాన్యపు గోదాము 1913 అక్టోబరులో, గింజలు నింపుతుండగానే, ఒక పక్కకు ఒరిగిపోయింది. 24 గంటల్లో దాదాపు 27 డిగ్రీలు! కట్టే ముందు పైపొరనే పరీక్షించారు. దాని కింద అంతకంటే మెత్తటి మన్ను ఉందని 1951లో బోర్లు వేశాక గానీ స్పష్టం కాలేదు.

కొత్త బోర్లలో మెత్తదనం ఆ మూలకే పరిమితమని తేలితే అక్కడివరకు పైల్స్ దించవచ్చు. సగం స్థలానికి పాకి ఉంటే పునాది పథకమే మారాలి. బోర్లు ఎన్ని వేసినా వాటి మధ్య నేల ఊహే, నిజమే. అయితే ఒక బోరు తేడాగా వచ్చినచోట ఆ ఊహ పనికిరాదు.

ఇల్లు కట్టేవారు రిపోర్టు చివరి సారాంశంతో సరిపెట్టుకోకుండా ప్రతి బోరు కాగితంలో దెబ్బల లెక్క చూడండి. ఒక్కచోట అంకె పడిపోతే, అక్కడ మళ్లీ బోరు వేశారా అని అడగండి.