మందుల చీటీని తెలుగులో చెప్పేటప్పుడు

మీ డార్మిటరీ గదిలో ఇంగ్లిష్ చదవడం బాగా వచ్చింది మీకేనా? అయితే క్లినిక్‌కి వెళ్లొచ్చిన వాళ్లంతా చీటీ తెచ్చి మీ చేతిలోనే పెడతారు. మందు కవరు మీద పూర్తి వాక్యాలు ఉంటే అదృష్టమే. డాక్టరు రాసిన చీటీలో మాత్రం లాటిన్ మాటల పొట్టి అక్షరాలు కనబడతాయి. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు (మన బీడీకీ దీనికీ సంబంధం లేదు). టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, ఏ.సి. అంటే తినకముందు, పి.సి. అంటే తిన్నాక, పి.ఆర్.ఎన్. అంటే అవసరమైతే. చిక్కంతా వీటిని తెలుగులో చెప్పేటప్పుడు వస్తుంది.

రాత్రి 7 నుంచి ఉదయం 7 వరకు షిఫ్టు చేసే ఒక తమ్ముడికి రెండు మందులు ఇచ్చారనుకోండి. మొదటిది కడుపులో మంటకు ఒమెప్రజోల్ 20 మిల్లీగ్రాములు, ఒక్కొక్కటి, బి.డి., ఏ.సి. దీన్ని మీరు "పరగడుపున" అంటే, నిద్ర లేవగానే ఒకటి మింగి రెండోది వదిలేస్తాడు. పరగడుపు రోజుకు ఒక్కసారే కదా! "భోజనానికి ముందు" అన్నా తంటానే, మనలో చాలామందికి టిఫిన్ భోజనం కిందికి రాదు. "పొద్దున, రాత్రి" అంటే ఇంకా గందరగోళం, అతనికి పొద్దున అంటే పడుకునే వేళ. అందుకని ముందు "నువ్వు ఎన్నింటికి తింటావు?" అని అడగండి. సాయంత్రం 6కి, ఉదయం 8కి తింటానంటే ఇలా రాసివ్వండి: "సాయంత్రం 5:30కి ఒకటి, ఉదయం 7:30కి ఒకటి. వేసుకున్న అరగంటకు తిను."

రెండోది నొప్పికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, రెండేసి మాత్రలు, టి.డి.ఎస్., పి.ఆర్.ఎన్. మూడుసార్లా, అవసరమైతేనా? రెండూ. నొప్పి ఉంటేనే వేసుకోవాలి, ఎంత నొప్పి ఉన్నా మూడుసార్లు దాటకూడదు. "అవసరమైతే వేసుకో" అని ఊరుకుంటే, నొప్పి తగ్గలేదని గంటకోసారి వేసుకునేవాళ్లు ఉంటారు. కాబట్టి పి.ఆర్.ఎన్. కనబడితే మూడు సంగతులు చెప్పాలి: దేనికి, ఎంత ఎడంతో, రోజుకు ఎన్నింటికి మించకుండా. "నడుం నొప్పి ఉంటేనే రెండు మాత్రలు. మళ్లీ కావాలంటే 6 గంటలు ఆగు. ఒక పగలూ రాత్రీ కలిపి 6 మాత్రలు దాటొద్దు. నొప్పి లేకపోతే వేసుకోకు." ఆ 6 గంటలు చీటీలో రాసి లేకపోతే మీరు ఊహించి చెప్పకండి, మందులిచ్చే కౌంటర్‌లో అడిగించండి.

ఇంకోటి కూడా అడగాలి. జలుబు మాత్రలు, షాపులో కొన్న పెనడాల్ ఏమైనా వేసుకుంటున్నాడా? పెనడాల్ అంటే పారాసిటమాలే, చాలా జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది. అవీ ఈ లెక్కలోకే వస్తాయి. మోతాదు మించితే దెబ్బ కాలేయానికి. మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు కూడా, అందుకే బాగానే ఉన్నానని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లమనండి.

చివరగా మీరు చెప్పింది అతని నోటితో తిరిగి చెప్పించుకోండి. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. "రాత్రి డ్యూటీలో నడుం నొప్పి వస్తే ఏం చేస్తావు?" అని అడిగితే తెలిసిపోతుంది.