వీడియో చిత్రీకరణ స్థల నిర్ధారణ

వీడియో చిత్రీకరణ స్థల నిర్ధారణ అనగా ఒక వీడియోలో కనబడే కొండలు, రోడ్లు, కట్టడాలు, నామఫలకాలు మొదలైన కదలని వస్తువులను పటాలతోను, ఉపగ్రహ చిత్రాలతోను పోల్చి, ఆ వీడియోను ఎక్కడ నిలబడి తీశారో కనుగొనే పద్ధతి. ఫోను కెమెరా తీసిన దస్త్రంలో అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉండవచ్చును గాని, సామాజిక మాధ్యమాలలోకి ఎక్కించినప్పుడు ఆ వివరాలు సాధారణంగా తొలగిపోతాయి. అందువలన చివరకు మిగిలే సాక్ష్యం దృశ్యమే. ఈ పద్ధతికి తరచుగా చెప్పబడే ఉదాహరణ కామెరూన్ దేశానికి చెందిన జెలెవెట్ వీడియో.

జెలెవెట్ వీడియో

2018 జూలైలో ఒక వీడియో ప్రచారంలోకి వచ్చినది. అందులో సైనిక దుస్తులు ధరించినవారు ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పిల్లలను ఒక మట్టిదారి వెంట నడిపించి, కళ్ళకు గంతలు కట్టి, నేలపై కూర్చోబెట్టి కాల్చి చంపారు. వారు కామెరూన్ సైనికులని ఆరోపణ రాగా, ఆ దేశ ప్రభుత్వం మొదట దానిని తప్పుడు వార్తగా కొట్టివేసినది. దుస్తులు, ఆయుధాలు, భాష ఎంతటి అనుమానం కలిగించినా, ఆ దారి ఏ దేశంలో ఉన్నదో తేలేవరకు వాదం ముందుకు సాగదు. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం, స్వచ్ఛంద పరిశోధకులు కలిసి ఈ పని చేపట్టారు. ఫలితం 2018 సెప్టెంబరులో ప్రకటించబడినది.

కొండల అంచురేఖ

వీడియో మొదటి నలభై సెకన్లలో, నడుస్తున్నవారి వెనుక దూరంగా ఒక కొండల వరుస కనిపిస్తుంది. ఆకాశానికి ఎదురుగా ఆ కొండల పైఅంచు గీసిన గీతయే ఇక్కడ ప్రధానమైన ఆధారం. ఇళ్ళు కూలవచ్చును, చెట్లు నరకబడవచ్చును, కొండ అంచు మాత్రం కొద్ది సంవత్సరాలలో మారదు.

ఈ గీతను పోల్చుటకు గూగుల్ ఎర్త్ వంటి ఉపకరణాన్ని వాడతారు. అందులో ఉపగ్రహ చిత్రం కింద భూమి ఎత్తుపల్లాల నమూనా కూడా ఉంటుంది. చూపును ఆకాశం నుండి నేల మట్టానికి దించి, ఒక దిక్కుకు తిప్పితే అక్కడ నిలబడినవానికి కనిపించే కొండల ఆకారం తెరపై వస్తుంది. ఎత్తును పెంచి చూపే అమరిక 1 వద్ద ఉన్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. లేనిచో చిన్న గుట్ట కూడా శిఖరమై కనబడి, పోలిక చెడిపోతుంది.

ఆకారం పోలినంత మాత్రాన పని పూర్తి కాదు. ఒకేరకపు కొండలు చాలాచోట్ల ఉంటాయి. అసలు పరీక్ష దగ్గరి శిఖరానికి, దూరపు శిఖరానికి నడుమనున్న ఎడంలో ఉంది. ఒక శిఖరం 2 కిలోమీటర్ల దూరంలోను, మరొకటి దాని వెనుక 10 కిలోమీటర్ల దూరంలోను ఉన్నవని అనుకొందాము. చూచేవాడు పక్కకు 100 మీటర్లు జరిగితే దగ్గరి శిఖరం ఉన్న దిశ దాదాపు 3 డిగ్రీలు మారుతుంది, దూరపుదాని దిశ అర డిగ్రీకి కాస్త పైగా మాత్రమే మారుతుంది. రెండింటి నడుమ వచ్చిన ఈ తేడా, మామూలు ఫోను కెమెరా చిత్రపు వెడల్పులో సుమారు ముప్పయ్యవ వంతు. రైలు కిటికీలోంచి చూచినవారెవరికైనా దగ్గరి చెట్లు వెనుకకు పరుగెత్తుట, దూరపు కొండ వెంటవచ్చుట అనుభవమే. ఆ ఎడం సరిగ్గా కుదిరే చోటును వెదకుతూ పోతే కెమెరా నిలిచిన స్థలం ఇరుకైన పరిధిలోకి వస్తుంది.

అయితే ఎక్కడ వెదకాలన్నది మరొక సమస్య. బీబీసీ బృందం ఎంతగా వెదకినను కొండల పోలిక దొరకలేదు. చివరకు కామెరూన్‌కు చెందిన ఒక వ్యక్తి, దేశపు ఉత్తర కొసన నైజీరియా సరిహద్దు చెంతనున్న జెలెవెట్ పరిసరాలు చూడమని సూచించారు. ఆ తరువాత అంచురేఖ కుదిరినది. ఉపకరణాల గొప్ప చెప్పేవారు ఈ సంగతి తరచుగా మరచిపోతారు. సూచన వెదకుటకు చోటు చూపినది, రుజువు మాత్రం కొండలిచ్చినవి.

నేలపైని గుర్తులు

అంచురేఖ కుదిరిన తరువాత మట్టిదారి, కట్టడాలు, చెట్లు ఒక్కొక్కటిగా ఉపగ్రహ చిత్రంతో పోల్చబడినవి. ఇక్కడ చూడవలసినది అవి ఉన్నాయా అన్నది కాదు, ఒకదానికొకటి ఏ వరుసలో, ఏ దిక్కున ఉన్నాయన్నది. దారికి ఎడమనున్న చెట్టు చిత్రంలో కుడివైపున తేలితే, తక్కినవన్నీ పోలినను ఆ స్థలాన్ని తిరిగి శంకించవలెను.

కట్టడాలు కాలాన్ని కూడా తెలిపినవి. వీడియోలో చెట్ల నడుమ కొంతగా కనిపించే ఒక కట్టడం 2016 ఫిబ్రవరి వరకే ఉపగ్రహ చిత్రాలలో ఉన్నది. మరొక కట్టడం చుట్టూ ఉన్న గోడలు 2015 మార్చి నాటి చిత్రంలో ఉన్నవి గాని 2014 నవంబరు నాటికి కట్టబడలేదు. వీడియోలోని కాలిబాట జనవరి, ఏప్రిల్ మధ్యనున్న వేడి, పొడి కాలంలోనే కనిపించేది. సైనికుల నీడలను నీడగడియారపు ముల్లువలె లెక్కించగా, ఘటన 2015 మార్చి 20, ఏప్రిల్ 5 మధ్య జరిగినదని తేలినది. 2018 ఆగస్టులో ప్రభుత్వం ఏడుగురు సైనికుల నిర్బంధాన్ని ప్రకటించినది. 2020 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానం నలుగురికి 10 సంవత్సరాల చొప్పున, మరొకరికి 2 సంవత్సరాల జైలుశిక్ష విధించినది.

నామఫలకాలు

జెలెవెట్ వీడియోలో ఆసరాకు బోర్డులు లేవు. బోర్డు ఉంటే పని సులువవుతుందని తోస్తుంది గాని, మోసపోయేది కూడా అక్కడే. 2014 జూలై 17న తూర్పు ఉక్రెయిన్‌లో ఎంహెచ్17 విమానం కూల్చబడి 298 మంది మరణించారు. మరునాడు, లారీపై తరలిపోతున్న ఒక బక్ క్షిపణి వాహనం వీడియో బయటికి వచ్చినది. అందులో రోడ్డు పక్కన ఒక ప్రకటన బోర్డు కనబడుతుంది. ఆ బోర్డుపై క్రాస్నోఆర్మీస్క్ పట్టణపు చిరునామా ఉన్నదని, ఆ పట్టణం ఉక్రెయిన్ సేనల అధీనంలో ఉన్నదని రష్యా రక్షణశాఖ జూలై 21న ప్రకటించినది.

వీడియోలోని అక్షరాలు చదువగలిగినంత స్పష్టంగా లేవు. పరిశోధకులు అక్షరాలను వదలి, బోర్డు చుట్టూ ఉన్నవాటిని చూచారు. రోడ్డుపై ట్రాలీబస్సుల విద్యుత్ తీగలు వ్రేలాడుతున్నవి, కాని క్రాస్నోఆర్మీస్క్‌లో ట్రాలీబస్సులే లేవు. తిరుగుబాటుదారుల అధీనంలోనున్న లుహాన్స్క్ నగరంలో మాత్రం ఉన్నవి. అక్కడి నివాసి ఒకరు అదే చోటికి పోయి ఛాయాచిత్రాలు తీయగా తీగలు, దీపస్తంభం, బోర్డు కుదిరినవి. బోర్డుపై ఆ చిరునామా లేదు. 2016లో అంతర్జాతీయ సంయుక్త దర్యాప్తు బృందం కూడా ఆ వీడియో లుహాన్స్క్‌లోనిదే అని నిర్ణయించినది.

మన ప్రాంతపు వీడియోలకు కూడా ఇదే జాగ్రత్త అవసరం. తెలుగు బోర్డు కనబడినంతనే ఆంధ్ర ప్రదేశ్ లేదా తెలంగాణ అనుకొనరాదు, బళ్ళారిలోను, హోసూరులోను తెలుగు బోర్డులున్నవి. దుకాణం బోర్డుపై ఫోను నంబరు ముందు 0866 ఉంటే విజయవాడ వైపు, 0870 ఉంటే వరంగల్ వైపు వెదకుట మొదలుపెట్టవచ్చును. ఫ్లెక్సీలు, వాహనాల నంబర్లు ఊళ్ళు మారుతుంటాయి గనుక వాటి విలువ తక్కువ.

పరిమితులు

వీడియోను కుడిఎడమలు తిప్పి ప్రచారం చేసిన సందర్భాలున్నవి. అక్షరాలు అద్దంలోవలె తిరగబడి కనిపిస్తే తెలిసిపోతుంది. అక్షరాలు లేనిచోట అంచురేఖను తిప్పి కూడా పోల్చి చూడవలెను. గోదావరి, కృష్ణా డెల్టాల వంటి చదును నేలపై కొండలు సాయపడవు గనుక కాలువ వంపులు, వంతెనలు, గుడి గోపురాలు, సెల్‌ఫోను టవర్ల మీద ఆధారపడవలసి ఉంటుంది. ఉపగ్రహ చిత్రం పాతదైతే కొత్త కట్టడం అందులో కనబడదు, కావున కట్టడం లేనంత మాత్రాన స్థలం తప్పని చెప్పరాదు. గది లోపల తీసిన వీడియోలో కిటికీ బయట ఏమీ కనబడనిచో ఈ పద్ధతి పనికిరాదు.