మూడు వారాలు మానేశారా?



నేను నిజాంపేటలో ఆడవాళ్లకి వ్యాయామం నేర్పుతూ ఉంటాను. మా అపార్టుమెంటు కింద ఒక చిన్న గది ఉంది. అందులో నాలుగు కుర్చీలు, రబ్బరు బ్యాండ్లు, కొన్ని డంబెల్సు, అంతే సామాను. మగవాళ్లు ఆఫీసులకీ పిల్లలు స్కూళ్లకీ వెళ్లాక, 11 గంటలకి ఆడవాళ్లు వస్తారు. వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాలు.

ఇవాళ మీతో చెప్పబోయేది ఒక మెసేజ్ గురించి. నెలల తరబడి శ్రద్ధగా వచ్చిన మనిషి మూడు వారాలు రాకుండా ఉండిపోతే, నేను ఫోనులో పంపే నాలుగు మాటలు. నాలుగు మాటలకి ఇంత ఉపన్యాసమా అంటారేమో! ఆ నాలుగు మాటలూ సరిగ్గా రాయడం చేతకాక, మొదట్లో నేను ఒకావిణ్ణి పోగొట్టుకున్నానండీ. ఆవిడకి పంపిన మెసేజ్ ఇప్పటికీ గుర్తుంది. "మూడు వారాలయింది మేడమ్, చేసిందంతా పోతుంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి" అని రాశాను. రోషం వచ్చి పరుగెత్తుకుని వస్తుందనుకున్నాను. ఆవిడ మరి రానేలేదు. లిఫ్టులో కనబడితే తలదించుకునేది. పైగా నేను రాసింది అబద్ధం కూడాను. ఆ సంగతి తర్వాత చదువుకుంటే తెలిసింది.

మొన్న మరొకావిడ విషయంలో అదే పరిస్థితి వచ్చింది. ఆవిడకి 44 ఏళ్లు. అయిదు నెలలుగా వస్తున్నారు. మొదట్లో కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవలేకపోయిన మనిషి, 6 కిలోల డంబెల్ గుండెకి హత్తుకుని, 12 సార్లు చొప్పున మూడు సెట్లు కూర్చుని లేచేదాకా వచ్చారు. నేలమీంచి 10 కిలోలు లేపేవారు. అంతలో వైరల్ జ్వరం వచ్చి ఒక వారం పోయింది. తర్వాత అత్తగారికి కంటి ఆపరేషను, ఆ సేవలో ఇంకో వారం. మూడో వారం మాత్రం ఏ అడ్డూ లేదు. అయినా రాలేదు. ఎందుకంటే, జ్వరం తగ్గాక ఒకరోజు లిఫ్టు పనిచెయ్యక మూడంతస్తులు మెట్లెక్కారట. గుండె దడదడలాడి, రెండో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడ్డారట. "అయిదు నెలల కష్టం గంగలో కలిసింది, ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అనుకున్నారట.

చూశారా, ఇక్కడే ఉంది కిటుకు. ఆయాసం వచ్చేసరికి బలం పోయిందనుకున్నారు. ఆయాసం వేరు, బలం వేరు.

వ్యాయామం చేసేవాళ్ల ఒంట్లో రక్తంలోని నీటిభాగం కాస్త పెరుగుతుంది. అంచేత గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. వ్యాయామం మానేస్తే ఆ పెరిగిన భాగం కొద్దిరోజుల్లోనే తగ్గిపోతుంది. అప్పుడు అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మెట్లమీద దడ అందుకే. మనకి ముందుగా పోయేది ఇదే, ముందుగా తిరిగొచ్చేదీ ఇదే. మళ్లీ మొదలుపెట్టిన వారం, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఒక పరిశోధన చేశారు. ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు 20 ఏళ్ల కుర్రాళ్లని మూడు వారాలపాటు మంచం దిగకుండా ఉంచారు. లేచేసరికి వాళ్ల దమ్ము, అంటే కష్టపడేటప్పుడు శరీరం ప్రాణవాయువుని వాడుకునే శక్తి, నూటికి 27 వంతులు తగ్గిపోయింది. తర్వాత సుమారు రెండు నెలలు వ్యాయామం చేయిస్తే పోయిందంతా తిరిగొచ్చింది. మన గృహిణి సంగతి వేరు కదండీ. జ్వరం రోజులు తప్పిస్తే ఆవిడ మంచం మీద లేరు. వంట, సేవ, బజారు అన్నీ చేస్తూనే ఉన్నారు. అంచేత ఆవిడకి తగ్గింది అంతకన్నా చాలా తక్కువే అయి ఉంటుంది.

మరి కండబలం మాటో? అది ఇంకా గట్టి సరుకు. నెలల తరబడి సంపాదించిన బలం మూడు వారాల్లో పెద్దగా తగ్గదు. ఫిన్లాండులో యువాస్క్యులా విశ్వవిద్యాలయంవాళ్లు 2024లో ప్రచురించిన ఫలితం ఒకటుంది. కొందరు 20 వారాలు వరుసగా బరువులెత్తారు. కొందరు 10 వారాలు ఎత్తి, 10 వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ 10 వారాలు ఎత్తారు. చివరికి చూస్తే ఇద్దరి బలమూ దాదాపు ఒక్కటే. మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాక మొదటి కొద్ది వారాల్లో గబగబా పుంజుకున్నారట.

ఇదంతా మనసులో పెట్టుకుని ఈసారి నేను రాసిన మెసేజ్ ఇది:

"అక్కా, ఒంట్లో ఎలా ఉంది? అత్తయ్యగారి కన్ను బాగుందా? బుధవారం 11 గంటలకి రండి, 20 నిమిషాలు చాలు. కుర్చీ, గోడ, బ్యాండు, ఈ మూడే చేద్దాం, బరువులు ముట్టుకోం. మెట్లెక్కితే ఆయాసం వస్తోందేమో, జ్వరం తర్వాత అది మామూలే. మీ బలం ఎక్కడికీ పోలేదు, బుధవారం మీరే చూద్దురుగాని. ఆ రోజు కుదరకపోతే 'శుక్రవారం' అని ఒక్క మాట పెట్టండి."

ఇందులో "ఎందుకు రాలేదు" అన్న ప్రశ్న లేదు, గమనించారా? అడిగితే సంజాయిషీ చెప్పుకోవాలి. సంజాయిషీ చెప్పుకోవాల్సిన చోటికి ఎవరూ సరదాగా రారు. "వీలైనప్పుడు రండి" అనీ రాయలేదు. మన ఇళ్లల్లో ఆ వీలు ఎప్పటికీ కాదు. అందుకే రోజూ, గంటా, ఎంతసేపో చెప్పాను. ఆవిడ జవాబులో "శుక్రవారం" అనే పెట్టారు. శుక్రవారం వచ్చారు.

పని మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు వేశాను. మాత్ర వేసుకోకుండా జ్వరం లేకుండా ఎన్నాళ్లయింది? ఇంటిపని మామూలుగా చేసుకోగలుగుతున్నారా? ఛాతీలో నొప్పిగానీ, కూర్చున్నా గుండెదడగానీ, కళ్లు తిరగడంగానీ ఉందా? చివరిదానికి "ఉంది" అంటే ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరుగారి దగ్గరికే. జ్వరాల తర్వాత అరుదుగా గుండె కండరానికి వాపు వస్తుంది, అంచేత ఈ ప్రశ్న మానకూడదు. ఆవిడకి మూడు లక్షణాల్లో ఏదీ లేదు. మెట్ల ఆయాసం కూడా రోజురోజుకీ తగ్గుతోందన్నారు.

మొదటిరోజు కుర్చీలో కూర్చుని లేవడం 8 సార్లు, గోడకి చేతులానించి చేసే పుషప్పులు 8, బ్యాండు వెనక్కి లాగడం 8. ఒక్కొక్కటి ఒక్క సెట్టే. ఆఖర్న కారిడార్లో 10 నిమిషాలు నడక. నడిచేటప్పుడు నాతో మాట్లాడుతూ నడవమన్నాను. పూర్తి వాక్యం తెగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సివస్తే వేగం తగ్గించాలి.

కుర్చీ పని 8 అయ్యాక, "ఇంకా ఎన్ని చెయ్యగలరు?" అన్నాను. "ఇంకో పది అయినా చేస్తాను" అన్నారు. "అదేనండీ మీ బలం, ఇవాళ్టికి దాన్ని అలాగే ఉంచండి" అన్నాను. ఆవిడ నవ్వారు. అయిదు నెలల కిందట చేతులు ఆనకుండా ఒక్కసారి లేవలేని మనిషి కదా! నేను ఎంత చెప్పినా రాని ధైర్యం ఆ ఎనిమిదిసార్లతో వచ్చింది.

కానీ ధైర్యం వచ్చినరోజే ప్రమాదం కూడా ఉంది సుమండీ! వెంటనే ఆవిడ చెయ్యి 6 కిలోల డంబెల్ మీదకి వెళ్లింది. వద్దన్నాను. బలం ఉంది నిజమే, కానీ కండరానికి అలవాటు తప్పింది. ముఖ్యంగా బరువుతో మెల్లగా కిందికి దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ పనిచేస్తాయి. అలవాటు తప్పినప్పుడు నొప్పి పుట్టించేది ఆ పనే. ఆ నొప్పి ఆ రోజు తెలియదు. మర్నాడు మొదలై, రెండోరోజు, మూడోరోజు బాగా పెరుగుతుంది. అప్పుడు మెట్లు దిగలేక, కింద కూర్చోలేక, "ఇది నా ఒంటికి పడదు" అనుకుని చాలామంది పూర్తిగా మానేస్తారు.

అంచేత లెక్క ఇలా పెట్టాం. మొదటివారం బరువు లేకుండా ఒక సెట్టు, వారం చివర రెండు. రెండోవారం 4 కిలోల డంబెల్‌తో 10 సార్లు చొప్పున రెండు సెట్లు, నేలమీంచి 6 కిలోలు లేపడం. మూడోవారం అవే బరువులు, మూడు సెట్లు. నాలుగోవారం పాత 6 కిలోలు, పాత 10 కిలోలు. సెట్లు పెంచిన రోజు బరువు పెంచకూడదు, బరువు పెంచిన రోజు సెట్లు పెంచకూడదు. రెండూ ఒకేసారి పెంచితే, నొప్పి వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు, మీ ఇంటి మెట్లు చాలు. రెండోరోజు పొద్దున్న మెట్లు దిగేటప్పుడు తొడలు కాస్త బిగుసుకున్నట్టుంటే ఫర్వాలేదు. రెయిలింగు పట్టుకోకుండా దిగలేకపోతే ముందటిసారి ఎక్కువైందన్నమాట. ఆ నొప్పి తగ్గేదాకా నడకే చేసి, తర్వాత ఒక సెట్టు తగ్గించుకోండి. ఒక్క మోకాలు మాత్రమే పోటుపెట్టినా, వాచినా అది కండరం నొప్పి కాదు, ఆపి చూపించుకోవాలి. కండరాలు విపరీతంగా వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తే మటుకు ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అది చాలా అరుదు, కానీ విరామం తర్వాత ఒక్కసారిగా ఒళ్లు విరుచుకున్నవాళ్లకి రావచ్చు.

ఈ లెక్క నెలల తరబడి చేసి కొద్ది వారాలు మానేసినవాళ్లకి. ఆపరేషను అయినవాళ్లు, కాన్పు అయినవాళ్లు, డెంగీ నుంచి కోలుకుంటున్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

ఆవిడ మూడోవారం మధ్యలో ఒకరోజు మళ్లీ రాలేదు. ఈసారి నేను మెసేజ్ పెట్టకముందే ఆవిడే పెట్టారు, "ఇవాళ చుట్టాలొచ్చారు, శుక్రవారం" అని. నేను రాసిన మాటే నాకు తిరిగొచ్చింది.

మీలో ఎవరైనా ఇలా మధ్యలో మానేసి, వెళ్లడానికి మొహమాటపడుతున్నారా? అయితే ఇవాళ వంటయ్యాక ఒక గట్టి కుర్చీని గోడకి ఆనించి వేసుకోండి. మెల్లగా కూర్చుని లేవండి, ఎనిమిది సార్లు. ఎనిమిది అయ్యాక, ఇంకా ఎన్ని చెయ్యగలనని మిమ్మల్ని మీరే అడగండి. ఆ జవాబు విన్నాక, ఏ రోజు వెళ్లాలో నిర్ణయించుకోండి.