మీకు తెలుసా? వడ్డీ తగ్గినా అప్పు పెరగొచ్చు!

ఇంటి లోను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకోవచ్చని అందరికీ తెలుసు. కానీ ఆ మార్పిడి వెనక దాగిన అంకెలు ఎంత చిత్రంగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యపోతారు! లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒకే లోను తీసుకుందాం. బాకీ 40 లక్షలు, ఇంకా కట్టాల్సింది 15 ఏళ్లు, పాత వడ్డీ 9.25 శాతం, కొత్త బ్యాంకు ఇస్తానంటున్నది 8.25 శాతం. ఇక చూడండి!

◆ ఒక్క శాతం తేడా విలువ ఎంతో ఊహించగలరా? అక్షరాలా 4 లక్షల 25 వేల రూపాయలు! పాత వడ్డీకి నెలకు 41,168 రూపాయల ఈఎంఐ పడుతుంటే కొత్త వడ్డీకి 38,806 చాలు. నెలకు మిగిలేది 2,362 రూపాయలే అయినా, 180 నెలలు మిగిలితే అంత మొత్తం అవుతుంది మరి.

◆ ఇప్పుడు అసలైన వింత! అదే 40 లక్షలు, అదే 8.25 శాతం వడ్డీ. కానీ కొత్త బ్యాంకువాళ్లు "ఈఎంఐ ఇంకా తగ్గిస్తాం సార్, 20 ఏళ్లకు పెట్టుకోండి" అన్నారనుకోండి. ఈఎంఐ ఏకంగా 34,083కు దిగుతుంది. నెలకు ఏడు వేలు మిగులుతున్నాయని ఇంట్లో అందరూ సంబరపడతారు. కానీ మొత్తం కట్టేది ఎంతో తెలుసా? పాత బ్యాంకులోనే ఉంటే 74 లక్షల 10 వేలు. కొత్త బ్యాంకులో 81 లక్షల 80 వేలు! వడ్డీ రేటు ఒక శాతం తగ్గింది, జేబులోంచి పోయేది మాత్రం 7 లక్షల 70 వేలు పెరిగింది. అప్పు అయిదేళ్లు ఎక్కువ కాలం బతికింది కదా, ఆ అయిదేళ్ల వడ్డీ మహిమ ఇది. లోను మార్చుకుని నష్టపోయినవాళ్లలో చాలామంది జారిపడేది ఇక్కడే. అందుకే అప్లికేషన్‌లో ఈఎంఐ గడి కంటే ముందు నెలల సంఖ్య గడి చూడాలి. మిగిలింది 180 అయితే అక్కడ 180 దాటి ఒక్కటి కూడా ఉండకూడదు.

◆ దీన్నే తిరగేసి చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! వడ్డీ తగ్గినా ఈఎంఐ తగ్గించుకోకుండా, పాత 41,168 రూపాయలే కడుతూ పోతే లోను 180 నెలలకు బదులు 161 నెలలకే తీరిపోతుంది. 19 నెలల ముందే దస్తావేజులు చేతికొస్తాయి! మిగిలే డబ్బు 4 లక్షల 25 వేలు కాదు, దాదాపు 7 లక్షల 85 వేలు. ఎందుకంటే ప్రతినెలా కట్టే ఆ అదనపు 2,362 రూపాయలు నేరుగా అసలును కొరుక్కుతింటాయి.

◆ లోను ముందే తీర్చేస్తున్నందుకు పాత బ్యాంకు వేసే జరిమానా ఎంత? సున్నా! మారే వడ్డీ మీద, అంటే ఫ్లోటింగ్ రేటు మీద, వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్లకు బ్యాంకులు ఈ రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే చెప్పేసింది. స్థిరవడ్డీ లోను మాత్రం వేరు. అక్కడ ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి రుసుము ఉండొచ్చు. కాబట్టి మీది ఏ రకమో లోను పత్రంలో ఒకసారి చూసుకోండి.

◆ జరిమానా సున్నా అంటే ఖర్చు కూడా సున్నా అనుకుంటున్నారా? అబ్బే! ఖర్చంతా కొత్త బ్యాంకు వైపు, రిజిస్ట్రేషన్ ఆఫీసు వైపు ఉంటుంది. మన 40 లక్షల లోనుకు వేసి చూద్దాం. ప్రాసెసింగ్ ఫీజు పావు శాతం అనుకుంటే 10 వేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 11,800. లాయరు దస్తావేజులు పరిశీలించడానికి, ఇంజినీరు ఇల్లు చూసి విలువ కట్టడానికి కలిపి ఓ 6 వేలు. దస్తావేజులు కొత్త బ్యాంకుకు తనఖా పెడుతున్నట్టు రాసే పత్రానికి స్టాంపు డ్యూటీ అర శాతం లెక్కన 20 వేలు, రిజిస్ట్రేషన్ ఫీజు 0.1 శాతం లెక్కన 4 వేలు. మొత్తం దాదాపు 42 వేలు! చూశారా, అందులో సగానికి పైగా పోయేది బ్యాంకుకు కాదు, ప్రభుత్వ ఖజానాకు. "ప్రాసెసింగ్ ఫీజు పూర్తిగా మాఫీ" అన్న ప్రకటన చూసి మురిసిపోయేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే: ఆ మాఫీ ఖర్చులో నాలుగో వంతును కాస్త దాటుతుంది, అంతే. స్టాంపు డ్యూటీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక మీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగండి.

◆ ఈ ఖర్చుల్లో అతి చిన్నది ఏదో చెప్పగలరా? వంద రూపాయలు! ఒకే ఇంటిని ఇద్దరి దగ్గర తాకట్టు పెట్టే మోసాలను ఆపడానికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది. 5 లక్షలు దాటిన లోను ఎంత పెద్దదైనా అక్కడ తనఖా నమోదుకు 100 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే.

◆ పెట్టిన 42 వేలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయి? సుమారు 18 నెలలకు! ఖర్చును నెలసరి మిగులు 2,362తో భాగిస్తే వచ్చే అంకె ఇది. రెండేళ్లలో ఆ ఇల్లు అమ్మేసే ఆలోచన ఉన్నవాళ్లు ఈ అంకె దగ్గర ఒక నిమిషం ఆగాలి.

◆ అదే ఒక్క శాతం కొందరికి నష్టం తెచ్చిపెడుతుందంటే నమ్ముతారా? బాకీ 8 లక్షలు, మిగిలింది మూడేళ్లు అనుకోండి. ఈఎంఐ 25,533 నుంచి 25,161కి తగ్గుతుంది. మూడేళ్లలో మిగిలేది 13,400 లోపే. కనీస ప్రాసెసింగ్ ఫీజు 5 వేలు అనుకున్నా, జీఎస్టీ, లాయరు, ఇంజినీరు, స్టాంపులు అన్నీ కలిపి ఖర్చు 16,700 దాటుతుంది. మూడు వేల పైచిలుకు చేతి చమురు! లోను మొదటి ఏళ్లలో ఈఎంఐలో వడ్డీ వాటా ఎక్కువ, చివరి ఏళ్లలో అసలు వాటా ఎక్కువ. వడ్డీయే పెద్దగా లేనప్పుడు దాన్ని తగ్గించి మిగుల్చుకునేదేముంది?

◆ ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే బ్యాంకులో, ఒకే మొత్తం అప్పు ఉన్న ఇద్దరు వేర్వేరు వడ్డీలు కట్టొచ్చు! 2010 తర్వాత బేస్ రేటు, 2016 తర్వాత ఎంసీఎల్ఆర్, 2019 అక్టోబరు 1 నుంచి రెపో లాంటి బయటి రేటు... ఇలా బ్యాంకుల కొలబద్దలు మారుతూ వచ్చాయి. తీసుకున్నవారు అడిగి మారితే తప్ప పాత లోను పాత కొలబద్ద మీదే నడుస్తుంది. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపల రెపో రేటు 6.50 నుంచి 5.25కు దిగింది. రెపోతో ముడిపడిన లోన్ల వడ్డీని కనీసం మూడు నెలలకోసారి సవరించాలి కనుక వాళ్లకు ఆ తగ్గుదల త్వరగా అందింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ రెపో నిబంధన వర్తించదు. వాటి రేటు వాటి సొంత కొలబద్దతో నడుస్తుంది.

◆ బ్యాంకు గడప దాటకుండానే వడ్డీ తగ్గించుకోవచ్చు! "వేరే బ్యాంకు 8.25 ఇస్తానంటోంది" అని శాంక్షన్ లెటర్ చూపించి అడిగితే, చిన్న రుసుముతో రేటు మార్చే వీలు చాలాచోట్ల ఉంటుంది. మన పాత బ్యాంకు 5,900 రూపాయలు తీసుకుని 8.50కి దించిందనుకుందాం. కొత్త బ్యాంకుది ఇంకా పావు శాతం తక్కువే కదా అంటారా? ఆ పావు శాతానికి నెలకు మిగిలేది 584 రూపాయలు, అదనంగా పెట్టాల్సిన ఖర్చు 36 వేలు. అది తిరిగిరావడానికి 62 నెలలు, అంటే అయిదేళ్ల పైమాటే!

◆ మన 40 లక్షల లోను మీద ఒక్క రోజు వడ్డీ ఎంత? 1,014 రూపాయలు! పాత బ్యాంకు ఇచ్చే ఫోర్‌క్లోజర్ లెటర్‌లో ఫలానా తేదీ వరకు ఇంత కట్టాలి అని ఉంటుంది. కొత్త బ్యాంకు చెక్కు వారం ఆలస్యమైతే ఏడు వేలు తక్కువ పడి, ఆ తేడా మీ జేబులోంచి వెళ్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉండేది. చెక్కు మీద తేదీ ఒకటో తారీఖు, మీ చేతికిచ్చేది ఎనిమిదో తారీఖు, వడ్డీ మాత్రం ఒకటి నుంచే! ఇలా లెక్కేయడం తగదని, అలా తీసుకున్న వడ్డీ తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కాబట్టి చెక్కు అందుకున్న తేదీని రాసి పెట్టుకోండి.

◆ దస్తావేజులు ఇవ్వడం ఆలస్యమైతే బ్యాంకే మీకు రోజుకు 5,000 రూపాయలు కట్టాలి! లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగిచ్చి, తనఖా నమోదు కూడా తీసేయాలన్నది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన. పత్రాలు పోయాయంటే మాత్రం నకళ్లు తెప్పించడానికి బ్యాంకుకు ఇంకో 30 రోజులు ఉంటాయి.

◆ తీరిపోయిన అప్పు కూడా కాగితం మీద బతికే ఉంటుంది! పాత తనఖా పత్రం రిజిస్టర్ అయి ఉంటే, దాని రద్దు పత్రం కూడా రిజిస్టర్ అయ్యేదాకా ఈసీలో పాత బ్యాంకు పేరే కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ల లాయరు మొదట వేలు పెట్టి చూపించేది ఆ వరుసనే.

◆ 60 వేలు లక్షా అయిదు వేలు అయ్యే మాయ చూస్తారా? లోను మార్చేటప్పుడు ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టి, ఆ 60 వేల ప్రీమియాన్ని లోనులోనే కలిపేస్తే నెలకు 582 రూపాయల చొప్పున 15 ఏళ్లు కట్టాల్సి వస్తుంది. ఇంటి లోనుకు ఆ పాలసీ తప్పనిసరి అనే చట్టమేదీ లేదు. శాంక్షన్ లెటర్‌లో లోను మొత్తం 40 లక్షలకు బదులు 40 లక్షల 60 వేలు అని కనిపిస్తే, సంతకం పెట్టకముందే ఆ 60 వేలు ఏమిటని అడగండి.