నోరు లేని పురుగు ఏం తింటుంది?

1977 ఫిబ్రవరిలో ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి గాలాపగోస్ దీవుల దగ్గర పసిఫిక్ సముద్రంలో దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతుకు దిగింది. ఆ యాత్రలో ఉన్నవాళ్లు భూగర్భ, రసాయన శాస్త్రవేత్తలు. సముద్రగర్భం చీలి విడిపోతున్న చోట వేడినీటి ఊటలు ఉండాలని వాళ్ల లెక్క. ఊటలు దొరికాయి. వాటి చుట్టూ జానెడేసి ఆల్చిప్పలు, తెల్లటి పీతలు, తెల్లని గొట్టాల్లోంచి ఎర్రటి కుచ్చులు బయటపెట్టి నిలబడ్డ పొడవాటి పురుగులు గుంపులు గుంపులుగా కనిపించాయి. వెలుతురు చొరని ఆ లోతులో ఇంత జీవం ఉంటుందని ఎవరూ ఊహించలేదు. ఓడలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. పైకి తెచ్చిన జీవాలను భద్రపరచడానికి సరిపడా ఫార్మాలిన్ కూడా లేక, కొన్నింటిని రష్యన్ వోడ్కాలో ముంచి ఉంచారు.

ఊట నీటి సీసాల మూత తీస్తే ఓడంతా కుళ్లిన గుడ్ల కంపు. అది హైడ్రోజన్ సల్ఫైడ్. సముద్రపు నీరు నేల పగుళ్లలోకి ఇంకి, కింద శిలాద్రవం వేడికి కాగి, రాళ్లలోని గంధకాన్ని, లోహాలను కరిగించుకుని తిరిగి పైకి చిమ్ముతుంది. కంపు అక్కడిది. ఈ ప్రాణులన్నిటి భోజనం కూడా ఆ కంపులోనే ఉందని అప్పటికి తెలియదు.

అసలు చిక్కంతా గొట్టపు పురుగుతో వచ్చింది. దాని శాస్త్రీయ నామం రిఫ్టియా. రెండు మీటర్ల వరకు పెరుగుతుంది. స్మిత్సోనియన్ మ్యూజియంలో పురుగుల నిపుణుడు మెరెడిత్ జోన్స్ దాన్ని కోసి చూస్తే నోరు లేదు, పొట్ట లేదు, పేగు లేదు. శరీరం నిండా స్పాంజి లాంటి మెత్తటి కణజాలం, అందులో గంధకం స్ఫటికాలు. 1980లో హార్వర్డ్‌లో ఆయన ఈ సంగతి చెబుతుంటే, వింటున్న విద్యార్థిని కొలీన్ కేవనా లేచి, అయితే లోపల గంధకంతో బతికే బ్యాక్టీరియా ఉండి తీరాలి అంది. తర్వాత సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆమె మాటే నిజమైంది. ఆ స్పాంజి కణజాలం గ్రాములో వందల కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయి. 1981లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది ఇంకో పరిశోధకుడికి ఆ కణజాలంలోనే, పచ్చని ఆకుల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి పిండిపదార్థంగా మార్చే ఎంజైమ్ దొరికింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే. ఆకులో జరిగే పనే చీకట్లో ఒక పురుగు కడుపులో జరుగుతోంది, కాకపోతే శక్తి ఎండ నుంచి కాక గంధకం నుంచి వస్తోంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వెలువడే శక్తితో బ్యాక్టీరియా తమకు కావలసిన ఆహారం తయారు చేసుకుంటాయి.

అయితే సరుకు లోపలికి చేరేదెలా? హైడ్రోజన్ సల్ఫైడ్ విషం. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాంగాన్నే అది ఆపేస్తుంది. పైగా ఆక్సిజన్ ఎదురైతే దానంతట అదే చర్య జరిపి వృథా అవుతుంది. రిఫ్టియా రక్తంలోని హిమోగ్లోబిన్ రెండింటినీ ఒకేసారి మోస్తుంది, కానీ వేర్వేరు చోట్ల పట్టుకుంటుంది. అందుకే దారిలో అవి కలవవు, విషం పురుగుకూ తగలదు. ఎర్ర కుచ్చు ఆ రక్తం రంగే. సల్ఫైడ్ ఊట నీటిలో ఉంటుంది, ఆక్సిజన్ చుట్టూ ఉన్న చల్లని సముద్రపు నీటిలో ఉంటుంది. రెండు నీళ్లూ కలిసే సందులోనే కుచ్చు చాచి ఉండాలి. బ్యాక్టీరియాకు తిండీ గూడూ దొరుకుతాయి. అవి తయారు చేసినదాంట్లో కొంత పురుగుకు అందుతుంది, బ్యాక్టీరియాలో కొన్నింటిని కూడా అది అరిగించుకుంటుంది.

తల్లి నుంచి పిల్లకు ఈ బ్యాక్టీరియా రావు. పిల్ల పురుగు ఊట దగ్గర స్థిరపడ్డాక, నీటిలో ఉన్నవి దాని చర్మం గుండా లోపలికి దూరతాయి. మిగతా జీవాలకూ ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. ఊటల దగ్గరి ఆల్చిప్పలు మొప్పల్లో బ్యాక్టీరియాను పెంచుకుంటాయి. కొన్ని నత్తలు రాళ్ల మీద పరుచుకున్న బ్యాక్టీరియా పొరను గీకి తింటాయి. పీతలు పురుగుల కుచ్చులు కొరుకుతాయి. ఎటు నుంచి వెతికినా అందరి కంచంలోని తిండీ చివరికి బ్యాక్టీరియా దగ్గరే తేలుతుంది.

ఊట ఆగితే వంటగది మూతపడ్డట్టే. 1979లో గాలాపగోస్ దగ్గర రోజ్ గార్డెన్ అని పేరు పెట్టిన గొట్టపు పురుగుల గుంపు, 2002లో వెళ్లి చూసేసరికి కొత్త లావా కింద పూడిపోయి కనిపించింది. కానీ కొత్త ఊట పుడితే ఆక్రమించడానికి ఆలస్యం ఉండదు. తూర్పు పసిఫిక్‌లో 1991లో లావా పొంగి పాత జీవాలన్నీ కాలిపోయిన చోట, 1993 చివరికల్లా మీటరున్నర గొట్టాలు నిలబడి ఉన్నాయి. ఏడాదికి 85 సెంటీమీటర్లకు పైనే పెరిగాయన్నమాట.

ఇంతకీ ఇదంతా సూర్యుడితో సంబంధం లేని లోకమేనా? పూర్తిగా కాదు. గంధకంతో కలవడానికి కావలసిన ఆక్సిజన్ పైన ఎండలో పచ్చటి జీవాలు వదిలిందే. అది కరిగిన చల్లటి నీరు ధ్రువాల దగ్గర మునిగి, అడుగున పాకి ఊటల దాకా చేరుతుంది. ఆ ఆక్సిజన్ కూడా అక్కర్లేని సూక్ష్మజీవులు ఊటల్లో లేకపోలేదు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి మీథేన్ చేస్తూ బతికేవి అలాంటివే. సూర్యుడి ఊసే లేకుండా బతకగలిగేవి నిజానికి ఇవి. రిఫ్టియా మాత్రం పైనుంచి ఆక్సిజన్ రాకపోతే బతకలేదు.