మూడు పత్రాలు, ఒకే ప్రశ్న

మతం, సాంకేతికతలపై సదస్సుకు ప్యానెల్ ప్రతిపాదన పంపేవారు చాలాసార్లు ముందు వక్తలను పోగేసి, తర్వాత శీర్షిక వెతుకుతారు. ఆ అతుకు సమీక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. యంత్రం మధ్యకు వస్తే ఆచారం చెల్లుతుందని ఎవరు తేలుస్తారు? ఒక పత్రం 2020 నాటి తిరుమల ఆన్‌లైన్ కల్యాణోత్సవాన్ని, ఇంకొకటి 2019లో క్యోటోలోని కొడైజి ఆలయంలో బోధించిన మిండార్ రోబోను, మూడోది యూదుల సబ్బాతు లిఫ్టును తీసుకుంటాయనుకుందాం. ఆ లిఫ్టు బొత్తాం నొక్కకుండానే అంతస్తుల్లో ఆగుతుంది. అయినా రబ్బీలలో ఏకాభిప్రాయం లేదు. ఆ వివాదమే మిగతా రెండింటికీ కొలబద్ద.

ప్రతి సారాంశంలో ఆ ప్రశ్నకు జవాబు, పక్క పత్రంతో తేడా ఉండాలి. ప్యానెల్ హేతువు ఆ తేడాల నుంచే పుడుతుంది. ఒక సారాంశం తీసేసినా వాదన చెక్కుచెదరకపోతే, ఆ పత్రాన్ని మార్చాల్సిందే.