దూరపు బాత్రూమ్‌కు వేడినీళ్లు ఎందుకు రావు?

హీటర్ దగ్గరి కుళాయిలో నీళ్లు పొగలు కక్కుతుంటాయి. ఇంటి చివరి బాత్రూమ్‌లో మాత్రం చల్లగానే వస్తాయి. ముప్పావు అంగుళం పైపు 20 మీటర్ల పొడవున సుమారు 6 లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. నిమిషానికి 6 లీటర్లు వదిలే కుళాయిలో ఆ చల్లనీరు నిమిషంలో ఖాళీ కావాలి. మూడు నిమిషాలైనా వేడి రాకపోతే లోపం మరెక్కడో ఉంది.

ఈ నిరీక్షణ తప్పించడానికే పెద్ద ఇళ్లలో రిటర్న్ పైపు, చిన్న పంపు పెట్టి వేడినీటిని తిప్పుతారు. పంపు అరగంట నడిచాక హీటర్ దగ్గర రిటర్న్ పైపును తాకి చూడండి. చల్లగా ఉంటే నీరు తిరగడం లేదు. మోటారు మోగుతున్నా లోపల గాలి చిక్కుకుని ఉండొచ్చు, ఫ్యాన్ బిగుసుకుపోయి ఉండొచ్చు.

రిటర్న్ పైపులోని ఎన్‌ఆర్‌వీ పాడైతే, కుళాయి తిప్పగానే చల్లనీరు ఆ దారిన వెనక్కి వచ్చి వేడినీటిలో కలుస్తుంది. పంపు ఆపి, రిటర్న్ వాల్వు మూసి కుళాయి తిప్పండి. కాసేపటికి వేడినీళ్లు వస్తే ఎన్‌ఆర్‌వీ మార్చాల్సిందే.

నీరు తిరుగుతున్నా గోరువెచ్చగానే వస్తుంటే పైపుల మీది ఫోమ్ తొడుగు చూడండి. ఎల్బోలు, వాల్వులు, గోడలోంచి పైపు దూరేచోట తరచుగా ఖాళీలు వదిలేస్తారు. ఇవన్నీ చూశాకే కొత్త హీటర్ మాట ఎత్తండి.